రిటర్ను వేశారు... మరి చెల్లిందా?

ఆదాయ పన్ను రిటర్ను వేయడం వేరు, అది చెల్లడం వేరు. ఈ రెంటికీ మధ్య ఒక చిన్న మెట్టు ఉంది. దాని పేరు ఇ-వెరిఫికేషన్. ‘ఈ రిటర్ను నేనే వేశాను, ఇందులోని వివరాలు నిజం’ అని ఓటీపీతోనో సంతకంతోనో చెప్పడమే అది. కాగితం మీద సంతకం లేని చెక్కు ఎలాంటిదో, వెరిఫై చేయని రిటర్ను అలాంటిది. గడువులోగా ఆ పని జరగకపోతే ఆదాయ పన్ను శాఖ దాన్ని చెల్లని రిటర్నుగా పరిగణిస్తుంది. అంటే, అసలు వేయనట్టే!

తెనాలిలో ఉండే ఓ రిటైర్డ్ మాస్టారి విషయంలో జరిగింది ఇదే. 2023-24లో ఆయన పింఛను 4,20,000 రూపాయలు. బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ 1,85,000. స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోగా మిగిలింది 5,55,000. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. కానీ బ్యాంకువాళ్లు వడ్డీలో నూటికి పది చొప్పున 18,500 టీడీఎస్ కింద ముందే పట్టుకున్నారు. ఆ సొమ్ము వెనక్కి రావాలంటే రిటర్ను వేయాల్సిందే.

2024 జులై 24న వీధి చివరి నెట్ సెంటర్‌లో వేయించారు. అప్పటి గడువు జులై 31. వారం ముందే పని అయిపోయిందని నిశ్చింతగా ఉన్నారు. సెంటర్ కుర్రాడు ఇచ్చిన కాగితాన్ని ఫైల్లో భద్రంగా పెట్టుకున్నారు. దసరా వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది... రీఫండు మాత్రం రాలేదు.

ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన కూతురు ఆ కాగితం చూసింది. ‘నాన్నా, దీని తలమీద ఏం రాసుందో చూశావా?’ అంది. పైన ఉన్న మాట VERIFICATION FORM. వెరిఫై అయిన రిటర్నుకైతే ACKNOWLEDGEMENT అని ఉంటుంది. ఇంట్లో ఎవరైనా నిమిషంలో చేసుకోగలిగిన పరీక్ష ఇది. పోర్టల్లో చూడాలంటే e-File కింద Income Tax Returns, అందులో View Filed Returns నొక్కాలి. మాస్టారి రిటర్ను ఎదురుగా pending for e-Verification అని కనిపించింది.

ఎందుకిలా జరిగింది? ఆరా తీస్తే తేలింది. మాస్టారి ఆధార్‌కు ఉన్నది ఎప్పుడో వదిలేసిన పాత ఫోన్ నంబరు. ఓటీపీ దానికి వెళ్లింది. అది రాకపోయేసరికి కుర్రాడు e-Verify Later నొక్కి, తర్వాత చూద్దామనుకుని మరిచిపోయాడు. పోర్టల్లో ఇచ్చింది కూడా సెంటర్ నంబరే. అందుకే శాఖ పంపే సందేశాలేవీ మాస్టారి చెవిన పడలేదు.

వెరిఫై చేయడానికి ఒకప్పుడు 120 రోజులు ఉండేవి. 2022 ఆగస్టు 1 నుంచి 30 రోజులే. ఆ లెక్కన మాస్టారి గడువు 2024 ఆగస్టు 23తో తీరిపోయింది. డిసెంబరు 31 లోపు చూసుకుని ఉంటే ఇంకో దారి ఉండేది. ఆలస్య రుసుముతో కొత్తగా రిటర్ను వేసి, అప్పటికప్పుడే వెరిఫై చేసేవారు. ఆ ఏడాది ఆ గడువును 2025 జనవరి 15 దాకా పొడిగించారు కూడా. అదీ దాటిపోయింది. ఇక మిగిలిన దారి ఒక్కటే... ఆలస్యాన్ని మన్నించమని అడగడం. శాఖ భాషలో కండొనేషన్.

దీనికి ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. కూతురు ముందుగా పోర్టల్లో ఫోన్, మెయిలు మార్చి నాన్నవి పెట్టింది. తర్వాత Services లో Condonation Request తెరిచింది. అక్కడే చాలామంది తడబడతారు. గడువులో రిటర్నే వేయని వారికి ఉద్దేశించిన వేరే అభ్యర్థన కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. రిటర్ను వేసి వెరిఫై చేయని వారు ఎంచుకోవాల్సింది Delay in submission of ITR-V. అందులో కొత్త అభ్యర్థన తెరిచి, ఏ సంవత్సరం రిటర్నో గుర్తుపెట్టి, కారణం రాసి పంపాలి. 2023-24 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 అవుతుందన్నది మరవకూడదు. పంపగానే ఒక ట్రాన్సాక్షన్ నంబరు వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోవాలి.

కారణం రాసేటప్పుడు మాస్టారు ‘మరిచిపోయానని రాసెయ్యమ్మా’ అన్నారు. కూతురు ఒప్పుకోలేదు. అధికారి చూసేది ఆ నాలుగు వాక్యాలే. అందుకే జరిగింది జరిగినట్టు తేదీలతో రాసింది. రిటర్ను గడువులోపే జులై 24న వేశామని, ఆధార్‌లో పాత నంబరు ఉండటంతో ఓటీపీ అందలేదని, పోర్టల్లో తన నంబరు లేక సందేశాలు చేరలేదని, విషయం ఫిబ్రవరిలో తెలియగానే అడుగుతున్నామని, రావాల్సిన రీఫండు 18,500 అని. లేని జబ్బు, జరగని ప్రమాదం రాయడం తప్పే కాదు, ముప్పు కూడా. రుజువు అడిగితే చూపించాలి కదా!

అభ్యర్థన పంపాక రిటర్నును వెరిఫై చేయాలి. ఆధార్ దారి మూసుకుపోయింది కాబట్టి బ్యాంకు ఖాతా దారి పట్టారు. పింఛను పడే ఖాతాకు ఇప్పటి ఫోన్ నంబరే ఉంది. ఆ ఖాతాను పోర్టల్లో ధ్రువపరిచి, దాని ద్వారా వచ్చిన కోడ్‌తో వెరిఫై చేశారు. రీఫండు పడటానికి కూడా ఖాతా అలా ధ్రువపడి ఉండాలి గనుక ఒక్క పనితో రెండు పనులూ అయ్యాయి. ఆన్‌లైన్ కుదరనివారు ఫారాన్ని సంతకం చేసి బెంగళూరులోని సీపీసీకి పోస్టులో పంపొచ్చు. లెక్కలోకి వచ్చేది అది అక్కడ అందిన తేదీ.

ఇంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటే. అభ్యర్థనను అధికారి ఆమోదించాకే రిటర్ను చెల్లుబాటవుతుంది. అందుకే అదే పేజీలో స్థితి చూసుకుంటూ ఉండాలి. ఆమోదం హక్కు కాదు, కారణం సబబుగా ఉందో లేదో చూసి ఇచ్చేది. ఇంకో సంగతి. 30 రోజులు దాటి వెరిఫై చేస్తే ఆ తేదీనే రిటర్ను వేసిన తేదీగా తీసుకోవాలన్నది నిబంధన. ఆదాయం 5 లక్షలు దాటింది కనుక మాస్టారికి 5,000 ఆలస్య రుసుము పడే వీలుంది. పడితే చేతికి వచ్చేది 13,500. ‘పోయిందనుకున్న సొమ్ములో అదైనా నయమే తల్లీ’ అన్నారాయన.

పాత పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు నష్టం ఇంకా పెద్దది కావచ్చు. ఆ విధానాన్ని గడువులోపు వేసిన రిటర్నులోనే ఎంచుకోవాలి. ఆలస్యపు తేదీ పడితే ఎల్ఐసీ, పీఎఫ్, ఇంటి అద్దె కింద చూపిన మినహాయింపులే చేజారవచ్చు. అందుకే డబ్బిచ్చి రిటర్ను వేయించుకునేవారు బయటికొచ్చే ముందు కాగితం మీద ACKNOWLEDGEMENT అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కౌంటర్ దగ్గర నుంచి కదలకూడదు.