పదిహేడో కాగితం

మేం ముగ్గురం ఒకే డైట్‌లో డీఎడ్ చేశాం. ఇద్దరు సార్లు, ఒక టీచరమ్మ. ముగ్గురం కోయవాళ్లమే గాని ఊళ్లు వేరు. ఉద్యోగాలు ఏజెన్సీలోనే వచ్చాయి, ఒకరి బడికీ ఇంకొకరి బడికీ పది పన్నెండు కిలోమీటర్లు. వారం సంతలో కలుసుకునేవాళ్లం. ఇప్పుడు ఎక్కడో దూరపు మండలం నుంచి ఎవరో టీచరు ఫోన్ చేసి, "కోయ మాటల కాగితాల సార్లు మీరేనా?" అని అడుగుతారు. ఆ పేరు మేం పెట్టుకున్నది కాదు. అది రావడానికి పన్నెండేళ్లు పట్టింది. వచ్చాక రెండుసార్లు పోబోయింది కూడా. ఆ సంగతే రాస్తున్నాం.

మొదలు ఒక చిన్న మాట దగ్గర. మాలో ఒకరి బడిలో ఒకటో తరగతి పిల్లాడు మధ్యాహ్నం లేచి నిలబడి "ఏరు" అన్నాడు. మైదానం నుంచి వచ్చిన హెడ్మాస్టరు, మంచి మనిషే, "ఎండలో ఏటికి ఎందుకురా, కూర్చో" అని కసిరారు. పిల్లాడు కూర్చున్నాడు. వాడు అడిగింది మంచినీళ్లు. కోయలో ఏరు అంటే నీళ్లే. వాడు మళ్లీ అడగలేదు, సాయంత్రం దాకా దాహంతోనే ఉన్నాడు. పక్క గదిలో ఉన్న మాకు ఇంటికి పోయేటప్పుడు తెలిసింది. ఆ రాత్రి నోటుబుక్కులో ఆ మాట రాసుకున్నాం. దాని కింద ఇంకో రెండు గుర్తొచ్చాయి. లోను అంటే మాకు ఇల్లు, తెలుగు టీచరుకు లోపల. నారు అంటే మాకు ఊరు, తెలుగు టీచరుకు మడిలో పోసే నారు. నారు పోసినవాడు నీరు పోయడా అనే సామెత చెబితే మా పిల్లాడి బుర్రలో ఏ బొమ్మ వస్తుందో ఊహించుకోండి.

ఇది జరిగాక వెంటనే దారి దొరికిందని కాదు. మొదటి రెండేళ్లు చెయ్యి ఎటు పోతే అటు రాశాం. పోడు గురించి ఒక వ్యాసం, భూమి పండగ గురించి ఒకటి, జ్వరాల గురించి ఒకటి, ఒకటి రెండు కవితలు. జిల్లా పేజీలో కొన్ని అచ్చయ్యాయి. కత్తిరించి దాచుకున్నాం. కాని వాటిని చదివి ఎవరూ మా దగ్గరికి ఒక పని మీద రాలేదు. పోడు గురించి మాకంటే బాగా తెలిసినవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఒకటో తరగతి గదిలో కోయ పిల్లాడికీ తెలుగు పుస్తకానికీ మధ్య ఏ మాట దగ్గర తెగుతుందో రోజూ చూసేవాళ్లం మాత్రం మేమే. సంతలో టీ తాగుతూ ఒక రోజు తేల్చుకున్నాం. ఇక ఒకటి, రెండు తరగతుల కోయ మాటలు తప్ప ఇంకేమీ రాయం.

ఈ దారిలో మేం మొదటివాళ్లం కాదు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకునే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పూనుకున్నారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వచ్చింది, అప్పటికి ఆయనకు అరవై ఏడెనిమిదేళ్లు. ఆగస్టు 29న ఆయన పేరున తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, బడిలో ఉపన్యాసాలిస్తాం. సవర మాట ఆ రోజు ఎవరి నోటా రాదు. కోయ మీద కూడా స్టీఫెన్ టైలర్ అనే అమెరికా ఆయన గొమ్ము కోయల మాటకు వ్యాకరణం రాశారు, 1969లో అచ్చయింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలతో బళ్లు మొదలయ్యాయి. అంటే పనికి పునాది ఉంది. సోమవారం పొద్దున టీచరు చేతిలో ఉండే కాగితమే లేదు.

మా మొదటి ప్రసంగం స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో. భోజనాలయ్యాక పది నిమిషాలు ఇచ్చారు. మాతృభాష గొప్పదనం గురించి బాగా తయారై వెళ్లాం. మేం మాట్లాడుతుంటే సగంమంది రిజిస్టర్లు నింపుకుంటున్నారు, ఒకాయన నిద్రపోయాడు. తప్పు వాళ్లది కాదు, ఆ మాటలు వాళ్లు వందసార్లు విన్నవే. తర్వాతి నెల మూడు అట్టముక్కలు తీసుకుపోయాం. ఒక్కో అట్టమీద ఒక కోయ మాట, వెనక బొమ్మ. "మీరు పిల్లలు, మేం టీచర్లం" అని కోయలోనే రెండు నిమిషాలు పాఠం చెప్పి, లోను అంటే ఏమిటో రాయమన్నాం. చాలామంది "లోపల" అని రాశారు. అట్ట తిప్పితే ఇల్లు. ఒకరి పలక ఒకరు చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే ఒక టీచరమ్మ, "అయితే మా పిల్లలకు నేను ఏడాదిగా ఇలా తప్పులు దిద్దుతున్నానా?" అంది. సమావేశం అయ్యాక ఆరుగురు ఆ జాబితా అడిగారు.

అప్పటినుంచి నెలకో కాగితం. ఏ4 కాగితం రెండు వైపులా, ఐదే మాటలు. పైన వరుస సంఖ్య, తేదీ. ఒక్కో మాట పక్కన బొమ్మ, పిల్లలు నిజంగా అన్న ఒక వాక్యం, అది వాచకంలో ఏ పాఠం దగ్గర అడ్డొస్తుందో ఒక ముక్క. ఇరవై జిరాక్సులు తీసి కాంప్లెక్స్‌కు తీసుకుపోయేవాళ్లం. బడులు నడిచే పది నెలలూ తప్పలేదు. నాలుగేళ్లకు నలభై కాగితాలు, దాదాపు రెండు వందల మాటలు. ఒక్కో నెల ఐదు మాటలు దొరకడం కష్టమయ్యేది, అయినా ఏదో ఒకటి పెట్టి సంఖ్య నింపలేదు. ఒక నెల మూడే ఇచ్చాం. ఆ నెల టీచర్లు, "ఇంకో రెండేవి?" అని అడిగారు. ఎదురుచూసేవాళ్లు ఉన్నారని మాకు తెలిసింది అప్పుడే.

పదిహేడో కాగితంలో తప్పు పడింది. మాలో ఒకరి ఊళ్లో వాడే ఒక మాటను మొత్తం కోయ మాట అన్నట్టు రాసేశాం. ఏటి ఒడ్డున ఇంకో పల్లెలో ఆ మాటకు పదిమందిలో అనకూడని అర్థం ఉంది. అక్కడి టీచరు మమ్మల్ని నమ్మి బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి పిల్లల చేత పలికించాడు. మర్నాడు తల్లులు బడికి వచ్చారు. ఆయన మాకు ఫోన్ చేసి తిట్టలేదు, "మీరొకసారి రండి" అన్నాడంతే. ముగ్గురం వెళ్లాం. పటేలు, పెద్దలు, తల్లులు కూర్చున్నారు. వాళ్ల ముందు తప్పు మాదేనని, ఆ టీచరుది కాదని చెప్పాం. ఒక పెద్దమ్మ నవ్వి, "రాసేముందు ఒక్క మాట అడిగితే పోయేది కదా కొడుకా" అంది. ఆమెను కూర్చోబెట్టుకుని ఆ పూటే పదిహేడో కాగితంలోని మిగతా నాలుగు మాటలూ సరిచూశాం. ఇంకొకటి కూడా అక్కడ తేడాగా పలుకుతారని తేలింది.

పద్దెనిమిదో కాగితం పైభాగంలో, మాటల కంటే ముందు, మా తప్పు అచ్చు వేశాం. అప్పటినుంచి ప్రతి మాట కింద రెండు గడులు చేరాయి: ఏ ఊరి మాట, ఎవరు చెప్పారు. చెప్పినవాళ్ల పేరు వాళ్లను అడిగే వేశాం. ఈ రెండు గడులు వచ్చాక పని నెమ్మదైంది. ఒక్క మాటకు కనీసం మూడు ఊళ్లు తిరగాలి. ఉట్నూరు వైపు గోండు టీచర్లతో మాట్లాడితే మా లోను వాళ్లకు రోన్ అని తెలుస్తుంది, కాని మా మండలంలోనే రెండు పల్లెల మధ్య తేడా ఫోన్‌లో తెలియదు, పోయి కూర్చోవాలి. టీచర్లు మమ్మల్ని అడగకుండా కాగితం వాడడం కాకుండా, "మా ఊరికి ఇది సరేనా?" అని ముందే అడగడం మొదలైంది కూడా అప్పుడే.

రెండో దెబ్బ వేరే తీరుది. ఏడో ఏట ఒక సంస్థ రంగుల పుస్తకం అచ్చువేసి బళ్లకు పంచింది. తెరిచి చూస్తే మా మాటలు, మా వాక్యాలు, మా బొమ్మలే, గీతలు మాత్రం మార్చారు. మా పేర్లు లేవు, చెప్పిన అవ్వల పేర్లూ లేవు. మాట ఎవరి సొత్తూ కాదు, అది మేమూ ఒప్పుకుంటాం. బాధ అది కాదు. పదిహేడో కాగితంలోని ఆ మాట కూడా అందులో అలాగే ఉంది, దిద్దకుండా. మళ్లీ ఏ టీచరు దాన్ని బోర్డు మీద రాస్తాడో!

మేం గొడవకు పోలేదు. పదిహేడో కాగితం, పద్దెనిమిదో కాగితం, ఆ నెలల కాంప్లెక్స్ మినిట్స్ నకలు పెట్టి ఉత్తరం రాశాం. మినిట్స్‌లో "కోయ మాటల కాగితం 17 పంచడమైనది" అని తేదీతో ఉంది. అది రాసిన హెడ్మాస్టరుకు అప్పుడు విసుగే, మాకు అదే సాక్ష్యమైంది. మేం చేసిన తప్పే వాళ్ల పుస్తకంలో దొరికింది కనుక వాళ్లకు చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆ మాట తీసేశారు. మళ్లీ అచ్చులో చివరి పేజీలో చిన్న అక్షరాలతో మా పేర్లు వచ్చాయి. అవ్వల పేర్లు రాలేదు, రెండోసారి రాశాం, జవాబు రాలేదు. తర్వాత మా కాగితాలు కుట్టి పుస్తకం చేసుకున్నప్పుడు ముందు పేజీలో వాళ్ల పేర్లే వేసి, ఐఎస్‌బీఎన్ తీసుకున్నాం. దానికి మన దేశంలో ఫీజు లేదు, దరఖాస్తు చేస్తే ఇస్తారు. ఈ సంగతి తెలియక చాలామంది డబ్బు పెట్టి ఎవరి చేతో తీయిస్తున్నారు.

పేరు వచ్చాక పిలుపులు పెరిగాయి. ఆగస్టు 9 వస్తే మూడు చోట్ల నుంచి పిలుస్తారు, అటవీ హక్కుల నుంచి ఆరోగ్యం దాకా అన్నింటి మీదా మాట్లాడమంటారు. మాకు తెలిసింది ఒకటో తరగతి మాటలు. అదే మాట్లాడతాం, లేదంటే తెలిసినవాళ్ల ఫోన్ నంబరు ఇస్తాం. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు.

పిలుపుల కంటే పెద్ద చిక్కు బడిది. మాలో ఒకరిది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక ఏడాది వర్క్‌షాపులకని ఓడీ మీద పదకొండు రోజులు పోయారు. ఆ రోజులు బడి మూత. ఊరి పెద్దాయన ఒకరు, వాకిట్లో కూర్చుని తడికె అల్లుతూ, తల ఎత్తకుండానే అన్నాడు, "సారూ, బయట మీ పేరు పెద్దదైంది. ఇక్కడ బడి చిన్నదైంది." ఆ మాట ముగ్గురికీ తగిలింది. ఆ ఏడాది రెండో తరగతిలో తొమ్మిదిమంది పిల్లలు. జనవరిలో వాళ్లను ఒక్కొక్కరినీ తెలియని పేరా చదివించి చూశాం. నలుగురు ఆగకుండా చదివారు. కిందటి ఏడాది ఎనిమిదిమందిలో ఆరుగురు చదివారు. ఒక్క బడి లెక్క, దానికే వంక పెట్టొచ్చు, పిల్లలూ వేరే. కాని పెద్దాయన చూసిందే మా నోటుబుక్కులోనూ కనిపించింది. అప్పటినుంచి పనిరోజున బడి మూసి ఎక్కడికీ పోవడం లేదు. రెండో శనివారమో ఎండాకాలం సెలవుల్లోనో అయితే వస్తామంటాం. అందువల్ల కొన్ని పెద్ద వేదికలు పోయాయి, ఒక కమిటీలో పేరు కూడా పోయింది. ఆ పెద్దాయన తర్వాత ఏమీ అనలేదు, తడికె ఒకటి బడికి ఇచ్చాడు.

కాగితాలు ఇప్పుడు వంద దాటాయి. కిందటి నెల కాంప్లెక్స్‌కు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి వచ్చింది. ఒకప్పుడు మా పిల్లల్లో ఒకరు, లోను అట్టముక్క చూసి కోయలో కథ చెప్పిన పిల్ల. సంచిలోంచి మా పాత కాగితం తీసి, అందులో ఒక మాట మీద ఎర్రపెన్నుతో గీత గీసి, "ఇది మా అమ్మమ్మ ఊళ్లో ఇలా అనరు సార్" అంది. రెండో శనివారం ఆ ఊరు పోతున్నాం. అమ్మమ్మకు కబురు పంపింది.