టోపీ చెప్పిన జాతకం

హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. అందులో చదువరులు ఇప్పటికీ మళ్లీ మళ్లీ తిరగేసే ఘట్టం యుద్ధమూ కాదు, క్విడిచ్ ఆటా కాదు. ఒక పాత టోపీ, ఒక స్టూలు. పదకొండేళ్ల పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు. అతుకులు పడ్డ ఆ టోపీ తలమీదికి దిగుతుంది, కాసేపాగి గ్రిఫిండోర్ అనో, స్లిథరిన్ అనో, హఫిల్‌పఫ్ అనో, రావెన్‌క్లా అనో అరుస్తుంది. ఆ బల్ల దగ్గర చప్పట్లు మోగుతాయి. అంతే, ఏడేళ్లకు సరిపడా స్నేహాలు, పడకగది, శత్రువులు అన్నీ ఖరారైపోతాయి.

ఆ పరీక్షలో రాక్షసుడితో కుస్తీ పట్టాలని రాన్‌ని అన్న ఫ్రెడ్ ముందే బెదరగొట్టి పంపిస్తాడు. తీరా చూస్తే ప్రశ్నా లేదు, జవాబూ లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ర్యాంకు చూసి సెక్షన్ మార్చే కాలేజీల్లో ఇంటర్ చదివినవాళ్లకు ఆ సుఖమేమిటో వేరే చెప్పక్కర్లేదు. మార్కులు అడగకుండా, మన లోపలికి తొంగి చూసి, నీ చోటు ఇదీ అని ఒకరు చెప్పడం! చదువుతున్నవాళ్లంతా తమ తలకూ ఆ టోపీ తగిలించుకునేది అందుకే.

మన బళ్లలోనూ హౌసులున్నాయి. నవోదయ విద్యాలయాల్లో అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అంటారు. ఆటల పోటీలప్పుడు గొంతులు పోయేలా అరుచుకుంటారు గానీ, నీలగిరి వాళ్లంతా కపటులని ఎవరూ అనరు. అక్కడ ఎవరి స్వభావమూ చూసి పంచరు. హాగ్వర్ట్స్‌లో టోపీ స్వభావాన్నే తూస్తుంది. ధైర్యవంతులు ఒక చోట, తెలివిగలవాళ్లు ఒక చోట, కష్టపడి నమ్మకంగా ఉండేవాళ్లు ఇంకో చోట, పైకి ఎదగాలన్న ఆశ గలవాళ్లు మరో చోట. కథగా అది ఎంత బాగుందో, బడిగా అంత ప్రమాదం.

హ్యారీ సంగతే చూడండి. టోపీ వాడిని స్లిథరిన్‌కి పంపాలనుకుంటుంది, అక్కడ గొప్పవాడివవుతావని ఆశ కూడా పెడుతుంది. వాడు వద్దు వద్దని మనసులోనే వేడుకుంటే గ్రిఫిండోర్‌కి పంపుతుంది. పిల్లవాడి మాటకు విలువ ఇచ్చింది కదా, ఇంతకన్నా న్యాయమేముంది అనిపిస్తుంది. కానీ ఆ వద్దనడం వాడికి ఎక్కడిది? దారి తప్పిన మంత్రగాడంటే స్లిథరిన్ వాడేనని హాగ్రిడ్ చెప్పాడు. బట్టల దుకాణంలో తగిలిన డ్రేకో మీద అసహ్యం పుట్టింది. తమ ఇంట్లో అందరూ గ్రిఫిండోరేనని రైల్లో రాన్ అన్నాడు. అన్నీ చెప్పుడు మాటలే. పైగా హాగ్రిడ్ మాట అప్పటికే తప్పు. హ్యారీ తల్లిదండ్రుల్ని పట్టించింది సిరియస్ బ్లాక్ అని ఆనాడు లోకమంతా నమ్మింది, హాగ్రిడ్ కూడా. ఆ సిరియస్ గ్రిఫిండోర్ వాడు! అసలు ద్రోహి పీటర్ పెటిగ్రూ అని తర్వాత తేలింది. వాడూ గ్రిఫిండోరే. అతణ్ని ఎక్కడికి పంపాలో తేలక టోపీ అయిదు నిమిషాలకు పైగా తటపటాయించిందని రౌలింగే తర్వాత రాశారు. అంత తటపటాయించి చేసిన నిర్ణయం అది.

ఈ చెప్పుడు మాటలైనా చెవిన పడనివాళ్ల మాటేమిటి? మంత్రాల వాసనే లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఏది వద్దనాలో ఎవరు చెప్తారు? అడిగేవాడికి చోటు దొరుకుతుంది, అడగొచ్చని తెలియనివాడికి టోపీ తీర్పే దొరుకుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద అన్యాయంగా తోచేది ఇదే.

రెండోది, ఆ ముద్రను పెద్దవాళ్లే మోయించడం. మొదటి ఏడాది చివరి విందు గుర్తుందా? స్లిథరిన్‌కి 472 పాయింట్లు, గ్రిఫిండోర్‌కి 312. హాలంతా స్లిథరిన్ రంగులైన ఆకుపచ్చ, వెండితో అలంకరించారు. అప్పుడు డంబుల్‌డోర్ లేచి రాన్‌కి 50, హెర్మయనీకి 50, హ్యారీకి 60, నెవిల్‌కి 10 ఇచ్చాడు. మొత్తం 482. చప్పట్లు చరిచి జెండాలు మార్పించాడు. ఆ పాయింట్లు వాళ్లకు దక్కాల్సినవే, కాదనను. కానీ అలంకరణ చూసి మురిసిపోతున్న స్లిథరిన్ చిన్నపిల్లల ఎదుటే ఇవ్వాలా? ముందు రోజు ఇచ్చి ఉంటే ఏం పోయేది? చిన్నప్పుడు ఆ పేజీకి ఈల వేసినవాళ్లు పెద్దయ్యాక చదివితే కాస్త ఇబ్బంది పడతారు.

రచయిత్రికి ఇదంతా తెలియదనలేం. అయిదో పుస్తకంలో టోపీయే, తాను ఇలా విడదీయడం తప్పేమోనని పాటలో అనుమానపడుతుంది. చివరి పుస్తకంలో స్నేప్ ధైర్యాన్ని చూసి, మనం మరీ తొందరగా విడదీస్తున్నామేమో అన్న అర్థంలో డంబుల్‌డోర్ ఒక మాట జారవిడుస్తాడు. అయినా పద్ధతి మారదు. పదకొండో ఏట వేసిన ముద్రను పదిహేనో ఏట తిరిగి చూసే ఏర్పాటు ఆ బడిలో లేనేలేదు. కథ ముగిసి పంతొమ్మిదేళ్లయ్యాక కూడా హ్యారీ కొడుకు రైలెక్కబోతూ, స్లిథరిన్‌లో పడతానేమోనని తండ్రి దగ్గర గునుస్తాడు.

పాటర్‌మోర్ అనే సైట్‌లో ఆ టోపీ పరీక్ష అందరికీ దొరికాక, కోరుకున్న హౌసు రాకపోతే చాలామంది నిరాశపడి కూర్చోలేదు. ఇంకో ఖాతా తెరిచి, జవాబులు కాస్త మార్చి మళ్లీ రాశారు.