హెడ్డాఫీసు ఖర్చు ఎవరి ఖాతాలో?

సిరిసిల్లలో లంగాలు కుట్టే చిన్న కార్ఖానా ఒకటి పెట్టాలని మా మామూ, మా ఖాలా కొడుకు అనుకున్నారు. మామూకు జగిత్యాలలో పెద్ద బట్టల దుకాణం ఉంది. ఖాలా కొడుకు సిరిసిల్లలోనే ఉంటాడు, మరమగ్గాల ఆసాములతో రోజూ మాట్లాడే మనిషి. పది కుట్టు మిషన్లు, చెరి సగం సర్మాయా, మునాఫాలో చెరి సగం హిస్సా. అంతా ఖుష్‌గానే ఉన్నారు. ఇంతలో దుకాణం అకౌంటెంటు తఖ్మీనా వేసి ఒక కాగితం చేతికిచ్చాడు. చివరి లైనులో నెలకు నాలుగు వేలు నుక్సాన్ అని ఉంది.

"పేపర్లో రాసేటోడివి గదా, జర ఈ కాగితం చదువు బేటా" అని మామూ నాకు పంపాడు. నేను చదివింది ఉర్దూ మీడియం, తరువాత తెలుగు డిగ్రీ. కామర్స్ చదవలేదు. కానీ ఇరవై ఏళ్లుగా బడ్జెట్ కాగితాలు చదివి వార్తలు రాస్తున్నాను కాబట్టి, కింది లైను కంటే ముందు మధ్య లైన్లు చూసే అలవాటు ఉంది.

కాగితంలో ఉన్నది ఇది. నెలకు 6,000 లంగాలు, ఒక్కోటి టోకున 75 రూపాయలు, అంటే 4,50,000 ఆమ్దనీ. గుడ్డ, దారం, నాడా కలిపి ఒక్కో లంగాకు 52 రూపాయలు, కుట్టుకూలి, కటింగు కలిపి 10. ఇవి పోగా 78,000 మిగులుతుంది. అందులోంచి షెడ్డు కిరాయి 10,000, కరెంటు 4,000, పని చూసుకునే సూపర్వైజర్ తన్ఖా 15,000, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దుకాణాలకు సరుకు చేర్చే బండి కిరాయి 8,000. ఇంకా 41,000 మిగిలే ఉంది. ఇంతవరకు తకరార్ లేదు. ఆ తరువాతి లైను: "హెడ్డాఫీసు ఖర్చులో హిస్సా, 18 శాతం, 45,000." అక్కడ 41,000 కాస్తా మైనస్ 4,000 అయింది.

ఈ 18 శాతం ఎక్కడిది? జగిత్యాల దుకాణం నెల అమ్మకం ఇరవైన్నర లక్షలు, సిరిసిల్లలో అనుకుంటున్నది నాలుగున్నర లక్షలు. మొత్తం ఇరవై అయిదులో నాలుగున్నర అంటే 18 శాతం. జగిత్యాలలో నెలకు అయ్యే పై ఖర్చు రెండున్నర లక్షలు, దాంట్లో 18 శాతం 45,000. గుణకారం సహీగానే ఉంది. తప్పు గుణకారంలో కాదు, ఆ లైను అక్కడ ఉండటంలో ఉంది.

నేను మామూను అడిగింది ఒకటే. "మామూ, సిరిసిల్ల కార్ఖానా పెట్టకపోతే ఈ నలభై అయిదు వేలు మీ జేబులో మిగుల్తయా?" మామూ కొంచెం ఆలోచించి, "ఎట్ల మిగుల్తయి బేటా? దుకాణం కిరాయి దుకాణం కిరాయే గదా" అన్నాడు.

అదే విషయం. ఒక కొత్త పని చేయాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి వేసే అంచనాలో, ఆ పని వల్ల మారే రూపాయలే ఉండాలి. పని చేసినా చేయకపోయినా అంతే పోయే ఖర్చును అందులో వేస్తే, ఆ పని చేయని పాపానికి జరిమానా వేసినట్టు. పంపకం వల్ల కొత్త ఖర్చు పుట్టదు. ఉన్న ఖర్చు ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి పోతుంది, అంతే. అమెరికా ఆర్థికవేత్త జె.ఎం. క్లార్క్ 1923లో ఈ పై ఖర్చుల మీదనే ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఏ సవాలుకు జవాబు వెతుకుతున్నామో దాన్నిబట్టి ఖర్చు అనే మాటకు అర్థం మారుతుందని ఆయన వాదన. సంవత్సరం చివర లెక్కకు పనికొచ్చే ఖర్చు వేరు, "చేద్దామా?" అనే సవాలుకు పనికొచ్చే ఖర్చు వేరు.

అయితే హెడ్డాఫీసు లైను మొత్తం కొట్టేయడం కూడా సహీ కాదు. కొత్త పని వస్తే జగిత్యాలలో కూడా కొన్ని ఖర్చులు నిజంగా పెరుగుతాయి. వాటిని పట్టుకోవడానికి శాతం పనికిరాదు. బహీ తెరిచి ఒక్కో పద్దు దగ్గర ఆగి, కార్ఖానా లేకుంటే ఎంత, ఉంటే ఎంత అని రెండు అంకెలు రాసుకోవాలి. మామూ, మున్షీ సాబ్, నేను ఒక జుమా సాయంత్రం కూర్చుని అదే చేశాం.

దుకాణం కిరాయి 60,000, కార్ఖానా వచ్చినా 60,000. మున్షీ, క్యాషియర్, గుమాస్తాల తన్ఖాలు 70,000, అవీ అంతే. ఇంటి ఖర్చుకని మామూ తీసుకునేది 60,000, మారదు. కరెంటు, వాచ్‌మెన్, చిల్లర మల్లర ఖర్చులు 35,000, మారవు. ఆడిటర్‌కు నెలకు పడేది 10,000, జీఎస్టీ కాగితాలు పెరుగుతాయి కాబట్టి 11,500 అవుతుంది. పెట్రోలు, ఫోన్లు 15,000 ఉన్నవి, మామూ వారానికి రెండుసార్లు వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లి రావాలి గనుక 19,000 అవుతాయి. ఇక మున్షీ సాబ్ చేతులు జోడించి చెప్పాడు, "ఇప్పటికే ఇషా దాకా కూర్చుంటున్న, ఇంకో బహీ నా వల్ల కాదు" అని. పూటకు వచ్చే ఒక పిల్లవాణ్ణి పెట్టాలి, 8,000. మొత్తం రెండున్నర లక్షలది 2,63,500 అయింది. తేడా 13,500. సిరిసిల్ల తఖ్మీనాలో హెడ్డాఫీసు పేరు మీద రావలసింది ఈ 13,500 మాత్రమే. 41,000లోంచి అది తీస్తే 27,500 మునాఫా.

ఈ కూర్చోవడంలోనే ఇంకో సంగతి బయటపడింది. తయారైన లంగాల మూటలు జగిత్యాల దుకాణం పై గదిలో పెడదామని మామూ ఆలోచన. "సొంతంగా వాడుకునే గది, దానికి ఖర్చేముంది?" అన్నాడు. కానీ ఆ గదిని ఒక టైలర్‌కు కిరాయికి ఇచ్చారు, నెలకు 5,500 వస్తుంది. ఆయన్ని ఖాళీ చేయిస్తే ఆ ఆమ్దనీ పోతుంది. ఎవరికీ చెక్కు రాయనక్కర లేదు, బహీలో ఖర్చుగా కనబడదు, అయినా అది కార్ఖానా వల్ల అయిన ఖర్చే. దాన్ని వేస్తే 27,500 కాస్తా 22,000 అవుతుంది. మిషన్లకు, కటింగ్ బల్లకు, వైరింగుకు మూడున్నర లక్షలు, గుడ్డ స్టాకుకు, దుకాణాల ఉద్దెరకు నాలుగున్నర లక్షలు, మొత్తం పెట్టుబడి ఎనిమిది లక్షలు. నెలకు 27,500 వస్తే అది దాదాపు 29 నెలల్లో తిరిగొస్తుంది, 22,000 అయితే మూడేళ్లు దాటుతుంది. మూటలు సిరిసిల్ల షెడ్డులోనే ఉంచుదామని, టైలర్ భాయ్‌ని కదపొద్దని తేలింది. 45,000 రాసిన కాగితంలో ఈ 5,500 లేనే లేదు. లేని ఖర్చును వేసి, ఉన్న ఖర్చును వదిలేసింది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం కోరుట్ల. కొన్నేళ్ల కింద కోరుట్లలో మా వాళ్లకు రెడీమేడ్ దుకాణం ఉండేది. గల్ఫ్ నుంచి డబ్బులు వచ్చే ఇళ్లు ఎక్కువ ఉన్న ఊరు, ఈద్ ముందర నిలబడే జాగా ఉండేది కాదు. దాని సొంత ఖర్చులన్నీ పోను నెలకు 40,000 మిగిలేది. జగిత్యాల ఖర్చులో హిస్సా 55,000 దాని మీద వేసేవారు. కాగితం మీద ప్రతి నెలా 15,000 నుక్సాన్. చివరికి మూసేశారు. మూసేశాక జగిత్యాలలో ఎంత తగ్గింది? ఫోన్లు, పెట్రోలు కలిపి 5,000. మిగతా 50,000 ఎక్కడికీ పోలేదు, తిరిగి జగిత్యాల మీదనే పడ్డాయి. నెలకు 15,000 నుక్సాన్ ఆపామనుకున్న ఇంటికి నిజంగా నెలకు 35,000 ఆమ్దనీ పోయింది. పైగా ఆ మరుసటి సంవత్సరం జగిత్యాల దుకాణమే సరిగ్గా నడవడం లేదన్నట్టు కనబడింది. సేల్స్‌మెన్ ఇద్దరిని తీసేయాలన్న మాట కూడా వచ్చింది. అమ్మకం తగ్గితే హిస్సా పెరగడం, హిస్సా పెరిగితే ఇంకోటి మూసేయడం, ఈ దారి చివరికి తాళం దగ్గర ఆగుతుంది.

మామూ తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "మరి నా కిరాయి ఎవరు కట్టాలె? ప్రతి పనీ తన ఖర్చే చూసుకుంటే జగిత్యాల ఖర్చు ఆస్మాన్ నుంచి వస్తదా?" అన్నాడు. సవాలు సహీ. రెండున్నర లక్షలు ఎక్కడో ఒకచోట నుంచి రావాల్సిందే. కానీ అది మొత్తం ఇంటి హిసాబ్‌లో చూడాల్సిన మాట. జగిత్యాల దుకాణం ఆ ఖర్చును ఇప్పుడు తనే మోస్తున్నది, సిరిసిల్ల నుంచి వచ్చే 27,500 ఆ మోతకు సహారా. ఒకవేళ పది కార్ఖానాలు పెట్టి, ప్రతిదానికీ "జగిత్యాల ఖర్చు మారదు" అని రాసుకుంటూ పోతే అది ధోకా. నాలుగోదానికి ఇంకో మున్షీ కావాలి, ఇంకో గది కావాలి. ఖర్చు మెట్టు ఎక్కినట్టు ఒక్కసారి పెరుగుతుంది. ఆ మెట్టు ఏ పని వల్ల ఎక్కామో దాని ఖాతాలో రాయాలి. సిరిసిల్లలో పది మిషన్లు ఇరవై అయితే పూటకు వచ్చే పిల్లవాడు రోజంతా కావాలి, అప్పుడు 8,000 కాస్తా 16,000 అవుతుంది.

ఇద్దరు షరీకుల మధ్య ఈ లైను ఇంకా నాజూకు. 45,000 ఖర్చుగా రాస్తే మామూ పాత కిరాయిలో, పాత తన్ఖాల్లో సగం ఖాలా కొడుకు హిస్సాలోంచి పోతుంది. తమ్ముడు మర్యాద కొద్దీ నోరు తెరవలేదు గానీ, "భాయ్‌జాన్, పై గది కిరాయి నేనెందుకు కట్టాలె" అని నాకు మాత్రం ఫోన్లో అన్నాడు. ఇక్కడ మన హనఫీ ఫిఖ్‌లో ఉన్న ఒక మస్‌అలా నాకు గుర్తొచ్చింది. ముజారబత్‌లో ఒకరి సర్మాయా, ఇంకొకరి మెహనత్. ఆ వ్యాపారం చేసే మనిషి తన సొంత ఊళ్లో ఉండి పని చేస్తే తిండి ఖర్చు తనదే, ఎందుకంటే వ్యాపారం ఉన్నా లేకున్నా ఆ ఊళ్లో తినేవాడే. అదే సర్మాయా తీసుకుని సఫర్‌కు వెళితే తిండి, బట్ట, సవారీ వ్యాపారం మీద పడతాయి, ఎందుకంటే వ్యాపారం లేకపోతే ఆ సఫర్ లేదు. మామూకు ఈ మాట చెబితే చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. జగిత్యాలలో ఆయన తినే అన్నం ఆయనదే. సిరిసిల్ల సఫర్ పెట్రోలు మాత్రం కార్ఖానాది.

"నా పేరు మీద గుడ్డ ఉద్దెర వస్తున్నది, దానికి కిమ్మత్ లేదా?" అని చివరగా అడిగాడు. ఉంది. అయితే అది ఖర్చు లైనులో దాచేది కాదు, మునాఫా హిస్సాలో ముఖాముఖి మాట్లాడుకునేది. సగం బదులు 55 శాతం కావాలంటే అడగొచ్చు. తమ్ముడు కూడా రోజంతా షెడ్డులో నిలబడేది నేనే గదా అని అడగొచ్చు. ఆ మాటలు ఇంకా నడుస్తున్నాయి. షెడ్డుకు అడ్వాన్సు మాత్రం ఇచ్చేశారు. మున్షీ సాబ్ కొత్త బహీలో సిరిసిల్ల పేజీ తెరిచి, జగిత్యాల ఖర్చు కింద పిల్లవాడి తన్ఖా, పెట్రోలు ఫోన్లు, ఆడిటర్ అని మూడు లైన్లే గీసి పెట్టాడు.