మంగళగిరి మగ్గం ఇంట్లో రెండు శాతాల లెక్క

మంగళగిరి బజారులో చేనేత దుకాణాల వరుస దాటి లోపలి వీధుల్లోకి తిరిగితే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. నేను వెళ్లిన ఇంట్లో ముందు గదిలోనే గుంట మగ్గం ఉంది. ఇంటి పెద్దాయన గుంటలో కాళ్లు దించి కూర్చుని జరీ అంచు నూలు చీర నేస్తున్నారు. పక్క గదిలో ఆయన కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. బీకాం చదివారు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో యాడ్లు వేసి, సొంత వెబ్‌సైట్ మీద చీరలు అమ్మే పని అంతా ఆమెదే.

యాడ్లకు డబ్బు పోసి, క్లిక్‌లు బాగానే వస్తున్నాయని సంబరపడి, చివరికి చేతులు కాల్చుకున్న నేత కుటుంబాలను చూశాను. ఈ ఇంట్లో మాత్రం యాడ్ల ఖర్చు పోను మిగులుతోందని విన్నాను. ఎలా మిగులుతోందో అడిగి తెలుసుకుందామనే వెళ్లాను.

ఆమె ముందుగా రెండు యాడ్ల లెక్క చూపించారు. రెండూ ఒకే చీరవి, వెల 2,400 రూపాయలు. మొదటిది ఒక ఏజెన్సీ కుర్రాడు చేసిచ్చిన యాడ్. చీర కట్టుకున్న అమ్మాయి ఫొటో, కింద ‘నేత ఇంటి నుంచి నేరుగా’ అన్న మాట, అంతే. వెల లేదు. రెండోది ఆమె సొంతంగా చేసింది. మామగారు నేస్తుండగా ఫోన్‌తో తీసిన చిన్న వీడియో, దాని మీద వెల పెద్ద అక్షరాల్లో. రెండు యాడ్లూ చెరి 40,000 సార్లు జనం కంటపడ్డాయి. ఒక్కోదానికి 6,000 రూపాయలు ఖర్చయింది.

మొదటి యాడ్ నొక్కి వెబ్‌సైట్‌కు వచ్చిన క్లిక్‌లు 1,200. చూపులు 40,000 కాబట్టి క్లిక్ రేటు 3 శాతం. రెండోదానికి వచ్చినవి 480 క్లిక్‌లే, అంటే 1.2 శాతం. క్లిక్ ఒక్కింటికి మొదటి యాడ్‌లో 5 రూపాయలు పడితే రెండోదాంట్లో పన్నెండున్నర పడింది. ఏజెన్సీ అతను ఈ అంకెలు చూసి రెండో యాడ్ ఆపెయ్యమన్నాడట.

“నేను ఆపలేదండీ. క్లిక్ చేసినవాళ్లలో కొన్నదెందరో చూడకుండా ఎలా ఆపుతాను?” అన్నారామె.

మొదటి యాడ్ తెచ్చిన 1,200 క్లిక్‌లలో ఆర్డర్లు 12. కన్వర్షన్ రేటు 1 శాతం. రెండోది తెచ్చిన 480 క్లిక్‌లలో ఆర్డర్లు 24, అంటే 5 శాతం. ఆర్డర్ ఒక్కింటికి యాడ్ ఖర్చు మొదటిదాంట్లో 500 రూపాయలు, రెండోదాంట్లో 250. క్లిక్ ఖరీదు ఎక్కువైన యాడే ఆర్డర్‌ను సగం ఖర్చుతో తెచ్చింది.

ఈ రెండు శాతాల్లో చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. క్లిక్ రేటు చూపుల మీద లెక్క, కన్వర్షన్ రేటు క్లిక్‌ల మీద లెక్క. కింద భాగించే అంకె వేరు కాబట్టి 3 శాతాన్నీ 5 శాతాన్నీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని చూడటంలో అర్థం లేదు. రెంటినీ గుణిస్తేనే అసలు సంగతి తేలుతుంది. మొదటి యాడ్‌లో 3 శాతంలో 1 శాతం, అంటే పదివేల చూపులకు మూడు ఆర్డర్లు. రెండోదాంట్లో 1.2 శాతంలో 5 శాతం, అంటే పదివేల చూపులకు ఆరు. ఫేస్‌బుక్ ఈ యాడ్లకు డబ్బు తీసుకుంటున్నది చూపుల లెక్కన కాబట్టి ఈ ఇంటికి కావాల్సిన అంకె ఇదే.

సగటు తీసేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. రెండు యాడ్ల కన్వర్షన్ 1, 5 కదా, సగటు 3 శాతం అని రాస్తే తప్పు. మొత్తం ఆర్డర్లు 36, మొత్తం క్లిక్‌లు 1,680. భాగిస్తే వచ్చేది 2.1 శాతమే. శాతాలను కూడకూడదు, వాటి వెనకున్న అంకెలను కూడాలి.

తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి ఆమె చేసిన పని నాకు అన్నింటికన్నా నచ్చింది. రెండు యాడ్లలో బొమ్మా వేరే, వెల చెప్పడమూ వేరే. గెలిపించింది మగ్గం వీడియోనా, వెలనా? అది తేలాలని పాత ఫొటో మీదే వెల రాసి మూడో యాడ్ వేశారు. మళ్లీ 40,000 చూపులు. క్లిక్‌లు 560, ఆర్డర్లు 23. క్లిక్ రేటు 3 నుంచి 1.4 శాతానికి పడిపోయింది, కన్వర్షన్ 1 నుంచి 4 శాతం దాటింది. అంటే తేడా చాలావరకు వెలదే. 2,400 పెట్టలేనివాళ్లు, పెట్టడం ఇష్టం లేనివాళ్లు ఇదివరకు సైట్ లోపలికి వచ్చి, వెల చూసి వెనక్కి పోయేవాళ్లు. ఇప్పుడు యాడ్ దగ్గరే ఆగిపోతున్నారు. కొనేవాళ్లు మాత్రం వెల తెలిసే వస్తున్నారు. క్లిక్ రేటు పడిపోవడం ఇక్కడ నష్టం కాదు.

క్లిక్ రేటు చూసి మురిసిపోవడం కొత్తేం కాదు. 1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో ఏటీ అండ్ టీ బ్యానర్ వచ్చింది. వెబ్‌లో తొలి బ్యానర్ ప్రకటనల్లో అదొకటి. చూసినవాళ్లలో 44 శాతం మంది దాన్ని నొక్కారని ఆ రంగంలోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త వింత కాబట్టి నొక్కి ఉంటారు. ఇవాళ బ్యానర్లకు 1 శాతం రావడమే కష్టం. క్లిక్ రేటు మీద వ్యాపారులకున్న మోజు మాత్రం ఆనాటి నుంచీ తగ్గలేదనిపిస్తుంది.

క్లిక్ అంటే ఏ క్లిక్ అన్నది కూడా చూసుకోవాలి. ఏజెన్సీ పంపిన నివేదికలో మొదటి యాడ్ క్లిక్ రేటు 5 శాతమని ఉందట. ఆమె యాడ్స్ మేనేజర్ తెరిచి రెండు గడులు చూపించారు. ఒకదాంట్లో అన్ని రకాల క్లిక్‌లూ కలిసి ఉంటాయి. లైక్ కొట్టినా, కామెంట్ పెట్టినా, ఫొటో పెద్దది చేసి చూసినా, పేజీ పేరు నొక్కినా అందులో లెక్కే. అలా 2,000 అయ్యాయి. రెండో గడిలో లింక్ నొక్కినవి మాత్రమే ఉంటాయి, అవి 1,200. నివేదికలోని అంకె అబద్ధం కాదు. చీర అమ్మేవాళ్లకు పనికొచ్చే అంకె కాదు, అంతే. పైగా లింక్ నొక్కినవాళ్లందరికీ సైట్ తెరుచుకుంటుందన్న నమ్మకమూ లేదు. వేలు తగిలి నొక్కుకుపోయినవాళ్లు వెంటనే వెనక్కి పోతారు. ఫొటోలు బరువై పేజీ ఆలస్యంగా తెరుచుకున్నా పోతారు. లింక్ క్లిక్‌లకూ పేజీ తెరుచుకున్న లెక్కకూ మధ్య తేడా పెరిగితే ఆమె ముందు ఫొటోల సైజు తగ్గిస్తారు. యాడ్ జోలికి పోరు.

బల్ల మీద పొడుగాటి ఖాతా పుస్తకం ఉంది. ఆర్డర్ నంబరు, తేదీ, ఊరు, డబ్బు ముందే కట్టారా లేక సరుకు అందాక ఇస్తారా, పార్సిల్ అందిందా తిరిగొచ్చిందా అన్నీ చేత్తో రాసి ఉన్నాయి. కంప్యూటర్‌లో అన్నీ ఉండగా ఇదెందుకని అడిగాను. రెండో యాడ్‌కు స్క్రీన్ మీద మొదట 31 ఆర్డర్లు కనిపించాయట, పుస్తకంలో 24 ఉన్నాయి. వెతికితే దొరికింది. ఆర్డర్ పూర్తయ్యాక వచ్చే ధన్యవాదాల పేజీని కొందరు దాచుకుని మళ్లీ మళ్లీ తెరిచారు. తెరిచినప్పుడల్లా ట్రాకింగ్ కోడ్ ఇంకో అమ్మకం అయినట్టు కబురు పంపింది. ఆర్డర్ నంబరు ఒక్కింటికి ఒక్కసారే లెక్కపడేలా దాన్ని సరిచేయించారు. సరిచేయకపోతే కన్వర్షన్ 5 కాదు, ఆరున్నర శాతంగా కనబడేది. దాన్ని నమ్మి ఆమె యాడ్ ఖర్చు పెంచేసి ఉండేవారు.

ఇంకో రకం అమ్మకాలు స్క్రీన్‌కు అసలు చిక్కవు. సైట్ చూసి, నంబరు తీసుకుని వాట్సాప్‌లో బేరమాడి కొనేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ ఆర్డర్లను ఆమె వేరే రంగు సిరాతో రాస్తారు. ఏ యాడ్ చూసి వచ్చారో ఖాయంగా తెలియదు కాబట్టి వాటిని ఏ శాతంలోనూ కలపరు.

పుస్తకంలో నాకు ముఖ్యమనిపించింది చివరి గడి. మొదటి యాడ్ ఆర్డర్లు 12లో 5 పార్సిళ్లు తిరిగొచ్చాయి. రెండోదాంట్లో 24లో 6. అందినవి 7, 18. చీర మీద ఈ ఇంటికి మిగిలేది 600 రూపాయలు. అందిన చీర ఒక్కింటికి యాడ్ ఖర్చు మొదటిదాంట్లో 857 పడింది, అంటే ప్రతి చీరకూ చేతి డబ్బు పోయింది. రెండోదాంట్లో 333. తిరిగొచ్చిన పార్సిల్‌కు కొరియర్ ఖర్చు ఇంకో 150. అన్నీ తీసేస్తే మొదటి యాడ్ 2,550 రూపాయల నష్టం, రెండోది 3,900 లాభం. కన్వర్షన్ రేటు ఆర్డర్ దగ్గర ఆగిపోతుంది, డబ్బు మాత్రం పార్సిల్ అందాకే వస్తుంది. సరుకు అందాక డబ్బిచ్చే అలవాటున్న మన దేశంలో ఈ చివరి గడి లేని లెక్క సగం లెక్కే.

గూగుల్ సెర్చ్ యాడ్లకు క్లిక్ లెక్కన డబ్బు కట్టాలి. అక్కడ క్లిక్‌కు ఎంతవరకు పెట్టొచ్చో ఆమె నోటిలెక్కతోనే చెప్పారు. క్లిక్‌లలో 5 శాతం ఆర్డర్లయి, వాటిలో ముప్పాతిక వంతు అందితే, వంద క్లిక్‌లకు అందేవి మూడు ముప్పాతిక చీరలు. ఒక్కోదానికి 600 చొప్పున 2,250 రూపాయలు. కొరియర్ నష్టం పక్కన పెట్టినా క్లిక్‌కు ఇరవై రెండున్నర రూపాయలు దాటితే మునిగినట్టే.

మా మాటల మధ్యలో ఒక కొత్త యాడ్ కూడా చూపించారు. 40 క్లిక్‌లు, 3 ఆర్డర్లు. ఏడున్నర శాతం కదా, దీన్నే నడపొచ్చుగా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “ఒక్క ఆర్డర్ తగ్గుంటే 5 శాతం, ఒకటి పెరిగుంటే 10 అయ్యేదండీ. ఇంత తక్కువ అంకె మీద ఏం చెప్తాం? ఇంకో నాలుగైదు వందల క్లిక్‌లు రానిద్దాం.” పైగా ఫేస్‌బుక్ మామూలుగా క్లిక్ చేసిన ఏడు రోజుల్లోపు జరిగిన అమ్మకాన్ని ఆ యాడ్ ఖాతాలోనే వేస్తుంది. జీతాలు పడే వారం కోసం ఆగేవాళ్లూ ఉంటారు. నిన్న వేసిన యాడ్‌ను ఇవాళ తూచడం తొందరపాటని ఆమె మాట.

సొంత సరుకుకు యాడ్లు వేయించే చేనేతవాళ్లు, పచ్చళ్లవాళ్లు, చిన్న దుకాణదారులు ఏజెన్సీని శాతాలు అడగొద్దు. చూపులెన్ని, లింక్ క్లిక్‌లెన్ని, ఆర్డర్లెన్ని, అందిన పార్సిళ్లెన్ని అని నాలుగు అంకెలు అడిగి తీసుకోండి. శాతాలు మీరే కట్టుకోండి. ఆ నాలుగు అంకెలు ఇవ్వనంటే ఏజెన్సీని మార్చుకోండి.