పాలగ్లాసులో ఎంత చక్కెర?

మా ఇంట్లోకి ఏ డబ్బా వచ్చినా ముందుగా దాని వెనుక అచ్చువేసిన పదార్థాల జాబితా చదవడం నాకు అలవాటు. జెలటిన్ ఉందా, హరామ్ వస్తువేదైనా కలిసిందా అని చూస్తాను. మా ఎనిమిదేళ్ల అబ్బాయి తాగే చాక్లెట్ మాల్ట్ పొడిని కూడా అలాగే పరిశీలించి, నిశ్చింతగా వాడాను. ఆ జాబితా పక్కనే ఉన్న పోషకాల పట్టికను మాత్రం ఏనాడూ చదవలేదు.

వాడి దవడ పళ్ళు రెండు పుచ్చిపోయినప్పుడు దంతవైద్యురాలు, "పాలలో ఏం కలుపుతున్నారు?" అని అడిగారు. ఇంటికి వచ్చి ఆ పట్టిక చూశాను. 100 గ్రాముల పొడిలో కలిపిన చక్కెర 37 గ్రాములు. మొత్తం చక్కెరలు సుమారు 50 గ్రాములు. తక్కిన 13 గ్రాములు మాల్ట్ నుండి, పాలపొడి నుండి వచ్చినవి. బార్లీని మొలకెత్తించి మాల్ట్ చేసేటప్పుడు అందులోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. కనుక 'కలిపిన చక్కెర' ఒక్కటే చూస్తే లెక్క పూర్తి కాదు.

డబ్బా మీద ఒకసారికి 20 గ్రాములని ఉంది. నేను వేసే రెండు నిండు చెంచాలను వంటింటి త్రాసులో తూచితే 30 గ్రాములు వచ్చింది. అంటే కలిపిన చక్కెరే 11 గ్రాములు. పైగా "పిల్లవాడికి తియ్యగా ఉండాలి బేటీ" అంటూ అత్తమ్మ వేసే చెంచా చక్కెర మరో 5 గ్రాములు. గ్లాసుకు 16, రెండు పూటలా 32 గ్రాములు!

రోజుకు 1,700 కేలరీలు అవసరమయ్యే ఈ వయసు పిల్లలకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం ఇటువంటి చక్కెర 42 గ్రాములు మించకూడదు. 21 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిది. బిస్కెట్టు ముట్టకముందే మావాడు ఆ రెండో హద్దు దాటాడు. ఉదయం పాలలో వేసుకునే చాక్లెట్ తునకల వంటి అల్పాహారాల పట్టికనూ ఇలాగే తూచి చదవాలి.

మరి ఆ పొడి ఇచ్చేదేమిటి? మా 30 గ్రాములలో మాంసకృత్తులు 2 గ్రాములే. గ్లాసెడు పాలలోనే సుమారు 6 గ్రాములున్నాయి, ఒక గుడ్డులోనూ అంతే. పొడిలో విటమిన్లు, ఇనుము కలుపుతారన్నది నిజమే. అయితే పాలలోని కాల్షియం ఆ ఇనుమును ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటుంది. 'హెల్త్ డ్రింక్' అనే మాటకు మన ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఆన్‌లైన్ అంగళ్లు ఈ పానీయాలను ఆ వర్గం నుండి తీసివేయాలని సూచించింది.

నేను డబ్బాను ఒక్కసారిగా దాచలేదు. మొదటి వారం విడి చక్కెర మానిపించాను. తర్వాత రెండు నిండు చెంచాలు ఒకటిన్నర, ఒకటి, అర అయ్యాయి. రెండు నెలలకు వాడు వట్టి పాలు తాగసాగాడు. ఒకనాడు అత్తమ్మ అలవాటుగా చక్కెర వేస్తే, "దాదీ, మరీ తీపి!" అని గ్లాసు పక్కన పెట్టాడు. ఇప్పుడు అంగడిలో ఆ పట్టికను మొదట చదివి వినిపించమనేది అత్తమ్మే.