హైక్ లెటర్ వచ్చిన రోజు

2023 మే మూడోవారంలో, నేను కొత్త ఉద్యోగం కోసం రెండో టెక్నికల్ రౌండ్ పూర్తిచేసి హెచ్ఆర్ రౌండ్ కోసం ఎదురు చూస్తున్నప్పుడు, ఉన్న కంపెనీలో ప్రమోషన్ లెటర్ చేతికి వచ్చింది. సంతోషంతో పాటే గుండెల్లో రాయి పడింది. రిక్రూటర్ మొదటి ఫోన్లో అడిగే మూడు ప్రశ్నలు అందరికీ తెలిసినవే: ఇప్పటి సీటీసీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు. నేను చెప్పిన మూడు జవాబులూ ఆ లెటర్‌తో పాతబడిపోయాయి.

నాలుగేళ్ల ముందు కూడా నాకు ఇలాగే జరిగింది. అప్పుడు నా జీతం 9 లక్షలు, అడిగింది 12. మధ్యలో హైక్ వచ్చి జీతం 10.5 లక్షలయింది. చెబితే బేరమాడుతున్నాడని అనుకుంటారేమోనని భయపడి, ఆఫర్ వచ్చిన రోజుదాకా నోరు విప్పలేదు. ఆ రోజు చెబితే, మీరు రాసిచ్చిన 9 లక్షల మీదే పైవాళ్ల ఆమోదం అయిపోయిందన్నారు. మళ్లీ ఫైలు కదిలించడానికి పది రోజులు తీసుకుని, చివరికి అదే 12 ఇచ్చారు. 33 శాతం అనుకున్న పెరుగుదల 14 శాతం దగ్గర ఆగింది. అంతటితో పోలేదు. దరఖాస్తులో రాసిన జీతానికీ పే స్లిప్పులో ఉన్నదానికీ పొంతన ఎందుకు లేదో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లకు రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

అందుకే ఈసారి ఫోన్ తీసేముందు, ఆ రాత్రి లెటర్ ముందేసుకుని కూర్చున్నాను. సీటీసీ 18 లక్షల నుంచి 21కి పెరిగింది. వినడానికి మూడు లక్షలు. విడదీసి చూస్తే ఫిక్స్‌డ్ 16 నుంచి 17.5 అయింది, వేరియబుల్ 2 నుంచి 3.5. అంటే నెలకు ఖాయంగా పెరిగింది పన్నుకు ముందు 12,500 రూపాయలు. మిగతా సగం ఏడాది చివర కంపెనీ లెక్కల మీద, ఆ రోజుకు నేను అక్కడ ఉద్యోగంలో ఉండడం మీద ఆధారపడే సొమ్ము. అందుకని రిక్రూటర్‌తో ఫిక్స్‌డ్ గురించే మాట్లాడాలనుకున్నాను. మొదటి ఫోన్లో 20 లక్షల ఫిక్స్‌డ్ అడిగి ఉన్నాను, అంటే 16 మీద 25 శాతం. అదే శాతం 17.5 మీద వేస్తే దాదాపు 22.

అసలు సంగతి రెండో పేజీలో ఉంది. కొత్త గ్రేడుకు నోటీస్ పీరియడ్ 60 కాదు, 90 రోజులట. జీతం అంకెల సంబరంలో ఈ పేజీ తిప్పనివాళ్లను నేను చాలామందిని చూశాను. రిక్రూటర్‌కు రెండు లక్షల తేడా కంటే ఈ నెల రోజుల తేడానే పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఆ సీటు ఎప్పుడు నిండుతుందో ఆమె తన మేనేజర్‌కు ముందే చెప్పి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. "మేడమ్, నిన్న నాకు ప్రమోషన్ లెటర్ వచ్చింది. హెచ్ఆర్ రౌండ్‌కు ముందే మీకు తెలియాలని చేశాను" అని ఫిక్స్‌డ్ ఎంతో, ఎప్పటినుంచి అమలో, నోటీస్ ఎన్ని రోజులో, ఇప్పుడు 22 ఆశిస్తున్నాననీ చెప్పాను. ఆమె కాసేపు ఆగి, "మరి అక్కడే ఉండిపోతారా సర్?" అని అడిగింది. ఆ ప్రశ్న వస్తుందని ఊహించాను. మా ఆఫర్ పట్టుకెళ్లి పాత కంపెనీలో ఇంకాస్త పెంచుకుంటాడేమోనన్నది వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. "హోదా మారింది కానీ పని మారలేదు మేడమ్. మీ దగ్గరున్న పేమెంట్స్ పని కోసమే వస్తున్నాను, డబ్బు ఒక్కటే అయితే ఈపాటికి మానుకునేవాణ్ణి" అన్నాను. నిజం కాబట్టి తడబడలేదు. ఇదే నిజం కాకపోతే ఆ ఫోన్ చేసేముందు ఆ కొత్త ఉద్యోగం నిజంగా కావాలో లేదో తేల్చుకోవాలి.

ఫోన్ పెట్టేశాక అవే వివరాలు మెయిల్లో రాసి, లెటర్ జతచేశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఆ గ్రేడుకు వాళ్ల గరిష్ఠ పరిమితి 21.5 లక్షలే కాబట్టి 22 కుదరదన్నారు. 21 ఫిక్స్‌డ్, పైన లక్ష జాయినింగ్ బోనస్ ఇస్తామన్నారు. ఏడాదిలోపు మానేస్తే బోనస్ వెనక్కి ఇచ్చేయాలి. హైక్ తర్వాతి 17.5 మీద ఆ 21 అంటే 20 శాతం పెరుగుదల. ఆ లక్షను ఏడాదిపాటు నాది కాని డబ్బుగా విడిగా డిపాజిట్ చేయాలనుకుని ఒప్పుకున్నాను. నోటీస్ 90 రోజులనీ, మేనేజర్ ఒప్పుకుంటే ముందే రిలీవ్ అవుతాననీ ఆఫర్ మెయిల్లోనే రాయించుకున్నాను.

మే పే స్లిప్పులో ఏప్రిల్ అరియర్స్ కూడా కలిసి రావడంతో ఆ నెల జీతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. వెరిఫికేషన్ వాళ్లు దాని గురించి అడిగారు. లెటర్ వచ్చిన మర్నాడే నేను పంపిన మెయిల్‌ను రిక్రూటరే వాళ్లకు ఫార్వర్డ్ చేసింది.