ప్లేట్‌లెట్లు ఎన్ని అని కాదు, పీసీవీ ఎంత అని అడగండి

మొన్న వానల్లో మా పిన్ని కొడుక్కి డెంగ్యూ వచ్చింది. వాళ్ళుండేది కూర్మన్నపాలెంలో, బాబాయిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఆదివారం జ్వరం మొదలైతే మంగళవారానికి ఎన్ఎస్‌1 పాజిటివ్ అని రిపోర్టొచ్చింది. ఇక చూస్కోండి, మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే గోల. "ప్లేట్‌లెట్లు ఎన్ని?" పొద్దున అదే ప్రశ్న, రాత్రి అదే ప్రశ్న. సెన్సెక్స్ అయినా అంత శ్రద్ధగా ఎవరూ చూడరు. ఒకాయన బొప్పాయాకు రసం అన్నాడు, ఒకావిడ కివీ పళ్ళంది. గురువారం రాత్రి నేను ఉండబట్టలేక గోదావరి ఎక్కేసి, శుక్రవారం పొద్దున్నే దువ్వాడలో దిగాను.

ఇంటికెళ్ళేసరికి అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. జ్వరం దిగిపోయింది! వాడు మాత్రం మంచం మీంచి లేవడంలేదు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, కడుపులో నొప్పంటున్నాడు, చేతులు చల్లగా ఉన్నాయి. దగ్గర్లో చూపిస్తున్న నర్సింగ్ హోమ్‌లో రక్తం మళ్ళీ పరీక్ష చేసి, "54 వేలున్నాయి, ఫర్లేదు, 20 వేలకొస్తే ఎక్కిద్దాం. జ్వరం కూడా లేదుగా, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు.

ఆ ఇల్లు చేరకుండానే మళ్ళీ వాంతి. దాంతో బాబాయి ఆటోని ఊళ్ళోకి, ఇంకో పెద్ద ఆస్పత్రికి తిప్పించాడు. అక్కడ క్యాజువాల్టీలో ఉన్న డాక్టరమ్మ మూడు రిపోర్టుల్నీ పక్కపక్కన పెట్టి, మేం ఎవరం చూడని లైను మీద వేలు పెట్టింది. "ఇది 39 నుంచి 47కి ఎప్పుడొచ్చింది బాబూ?" అంది. ఆ లైను పేరు పీసీవీ. కొన్ని ల్యాబుల్లో హెమటోక్రిట్ అని వేస్తారు, రెండూ ఒకటే.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఆ రాత్రంతా ఆస్పత్రి కుర్చీలో కూర్చుని చదివి, డాక్టరమ్మని విసిగించి తెలుసుకున్నది రాస్తున్నాను. ఎందుకంటే మనందరం తప్పు నంబరు చూస్తున్నాం.

ముందు మా వాడి నంబర్లు. మంగళవారం, అంటే జ్వరం మూడో రోజు: ప్లేట్‌లెట్లు 1,62,000, పీసీవీ 39. గురువారం: 88,000, 42. శుక్రవారం, ఆరో రోజు: 54,000, 47.

ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోతాయి? మామూలుగా మనకి మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలుంటాయి. ఎముకల్లోని మూలుగలో తయారవుతాయి, ఎనిమిది పది రోజులు బతుకుతాయి. డెంగ్యూ వైరస్ మొదటి రోజుల్లో మూలుగ మీద దెబ్బకొడుతుంది, ఉత్పత్తి తగ్గిపోతుంది. చాలామంది కథని ఇక్కడే ఆపేస్తారు. కానీ చిన్న లెక్క వేసి చూడండి. ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయినా, పది రోజులు బతికే కణాలు రోజుకి పదో వంతు చొప్పునే పోవాలి. 1,62,000 ఉన్నవి మూడు రోజుల్లో 1,13,000 దగ్గరుండాలి. మా వాడికి 54 వేలున్నాయి. అంటే ఫ్యాక్టరీ మూతపడడం ఒక్కటే కాదు, ఉన్న సరుకునీ ఎవరో తగలబెడుతున్నారన్నమాట.

ఆ తగలబెట్టేది ఎక్కువగా మన ఒంటి రోగనిరోధక వ్యవస్థే. వైరస్ విడుదల చేసే ఎన్ఎస్‌1 అనే ప్రోటీన్ మీదకి తయారైన యాంటీబాడీల్లో కొన్ని పొరపాటున ప్లేట్‌లెట్లకీ అతుక్కుంటాయి. అలా గుర్తుపడ్డవాటిని ప్లీహంలో, కాలేయంలో ఉండే కణాలు మింగేస్తాయి. కొన్ని ప్లేట్‌లెట్లు వైరస్ వల్ల ఊరికే రెచ్చిపోయి, దెబ్బతిన్న రక్తనాళాల గోడలకి అతుక్కుని ఖర్చయిపోతాయి. అందుకే ఐదో రోజు, ఆరో రోజు, మూలుగ మళ్ళీ పని మొదలుపెట్టేసిన తరవాత కూడా కౌంటు పడుతూనే ఉంటుంది.

ఇంతవరకూ ప్రమాదం పెద్దగా లేదు. అసలు ప్రమాదం ఆ "దెబ్బతిన్న గోడలు" అన్న మాటలో ఉంది.

రక్తనాళాల లోపలి గోడకి జిగురులాంటి సన్నటి పూత ఉంటుంది. ఎన్ఎస్‌1 ఆ పూతని చెరిపేస్తుందని ల్యాబు ప్రయోగాల్లో చూశారు. దానికి తోడు ఒంట్లో ఉప్పెనలా వచ్చే సైటోకైన్లు గోడ కణాల మధ్య సందులు పెంచుతాయి. అప్పుడు రక్తంలోని నీరు, ఉప్పు, ఆల్బుమిన్, అంటే ప్లాస్మా, బయటికి ఊరిపోయి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ఎర్ర కణాలు పెద్దవి, అవి ఆ సందుల్లో పట్టవు. లోపలే ఉండిపోతాయి. చారు మరిగి నీళ్ళు ఇగిరిపోతే మిగిలింది చిక్కబడినట్టు రక్తం చిక్కబడుతుంది. పీసీవీ కొలిచేది ఆ చిక్కదనాన్నే: మొత్తం రక్తంలో ఎర్ర కణాలు ఎంత శాతం అని.

ఇది భిన్నం కాబట్టి మన లాంటివాళ్ళకి మహా ఇష్టం :) పైన ఉన్నది మారలేదు, కిందది తగ్గింది. మా వాడి బరువు 60 కిలోలు. కిలోకి 70 మిల్లీలీటర్ల లెక్కన 4.2 లీటర్ల రక్తం అనుకుందాం.

```
RBC   = 0.39 * 4200 = 1638 ml
V_new = 1638 / 0.47 = 3485 ml
loss  = 4200 - 3485 = 715 ml
```

ఒక్క చుక్క రక్తం కారకుండా ముప్పావు లీటరుకి కాస్త తక్కువగా నాళాల్లోంచి మాయమైపోయింది! పోయిందంతా ప్లాస్మాయే. ఉన్న రెండున్నర లీటర్ల ప్లాస్మాలో పావు వంతు పైనే. ఇది ముతక లెక్కే, ఈ మధ్యలో తాగిన నీళ్ళూ చేసిన వాంతులూ ఇందులో లేవు. కానీ గుండె ఎందుకు పరుగెడుతోందో, చేతులు ఎందుకు చల్లబడ్డాయో అర్థం కావడానికి ఇది చాలు. ఆ సమయానికి వాడి పల్స్ 112, బీపీ 100/76. పై అంకె బాగానే ఉందని మేం సంతోషించాం. డాక్టరమ్మ చూసింది రెండింటి మధ్య తేడా 24ని. అది 20కి దిగితే షాక్ కింద లెక్కట.

39 నుంచి 47 అంటే 20 శాతం పెరుగుదల. ఈ 20 అన్నది ఊరికే వచ్చింది కాదు. మన వైజాగ్‌కి ఈ జబ్బుతో పాత పరిచయమే. 1963లో కలకత్తాలో చెలరేగిన డెంగ్యూ 1964లో విశాఖపట్నంలో వచ్చింది, ఆ కేసుల మీద పరిశోధన పత్రాలు 1965లోనే అచ్చయ్యాయి. అదే దశాబ్దంలో బంగాళాఖాతానికి అవతల, బ్యాంకాక్ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ సుచిత్ర నిమ్మాన్నిత్య వందల మంది పిల్లల మంచాల పక్కన నిలబడి రోజూ ఈ నంబర్లు రాసుకున్నారు. అలాంటి పరిశీలనల్లోంచే 1970ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం వచ్చింది: ప్లేట్‌లెట్లు లక్ష లేదా అంతకంటే తక్కువ, దాంతోపాటు హెమటోక్రిట్ 20 శాతం పెరుగుదల. రెండూ కలిసి. ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవడం లీకు మొదలవబోతోందనో, మొదలైందనో చెప్పే గంట. ఎంత లీకయిందో చెప్పే మీటరు పీసీవీ.

ఇంకో మోసం ఏంటంటే ఈ లీకు జ్వరం దిగేటప్పుడే మొదలవుతుంది, సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. 24 నుంచి 48 గంటలుండి తనే ఆగిపోతుంది. "హమ్మయ్య, జ్వరం తగ్గింది" అని మనం ఇంటికి తీసుకెళ్ళేది సరిగ్గా అప్పుడే.

వైద్యం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. సెలైన్. కాకపోతే కొలిచి. గంటకి కిలోకి 5 మిల్లీలీటర్లు, అంటే 300, రెండు గంటలు. మళ్ళీ రక్తం తీశారు: పీసీవీ 44, పల్స్ 96, బీపీ 110/70. వెంటనే గంటకి 180కి తగ్గించారు, ఇంకో నాలుగు గంటలకి 120కి. మూత్రం గంటకి 30 మిల్లీలీటర్లు వస్తోందా అని సీసాలో కొలిచారు. రాత్రి ప్లేట్‌లెట్లు 31 వేలన్నారు. మా వాళ్ళంతా డోనర్ల కోసం ఫోన్లు మొదలెట్టారు, డాక్టరమ్మ మీద అరిచినంత పని చేశారు. ఆవిడ ఎక్కించలేదు. "రక్తస్రావం ఎక్కడుందో చూపించండి, ఎక్కిస్తాను" అంది. నాకూ అప్పుడు మనసు కుదుటపడలేదు, అబద్ధమెందుకు. తరవాత చదివాను: సింగపూర్, మలేషియాల్లో 20 వేలూ అంతకంటే తక్కువున్న పెద్దవాళ్ళ మీద చేసిన ట్రయల్ 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువొచ్చాయి. ఎక్కించినవాటినీ అవే యాంటీబాడీలు పట్టుకుంటాయి కదా మరి.

శనివారం 22 వేలు, పీసీవీ 41. గ్రూపులో ఏడుపులు. వాడేమో ఇడ్లీ అడుగుతున్నాడు. ఆదివారం 29 వేలు, పీసీవీ 38, కాళ్ళ మీద దురదతో ఎర్రటి దద్దుర్లు. ఆ పూట సెలైన్ పూర్తిగా తీసేశారు. ఎందుకంటే బయటికి ఊరిన ప్లాస్మా ఇప్పుడు నాళాల్లోకి తిరిగొస్తుంది. ఇంకా ఎక్కిస్తూ పోతే అది ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. సోమవారం 61 వేలు, మంగళవారం ఇంటికి. వాడు చావుకి దగ్గరగా ఉన్నది 54 వేలున్న రోజు. 22 వేలున్న రోజు కోలుకుంటున్నాడు.

పీసీవీ కూడా మోసం చేయగలదు, అది కూడా చెప్పాలి. రక్తహీనత ఉన్న మనిషికి మొదటి నుంచీ 30 ఉంటే, 36 అన్నది మామూలు నంబరులా కనబడుతుంది, అదీ 20 శాతమే. అందుకే జ్వరం మూడో రోజులోపు ఒక రిపోర్టు చేతిలో ఉండాలి, పోల్చడానికి. పీసీవీ తగ్గడానికీ రెండు అర్థాలున్నాయి: పల్స్ నెమ్మదించి, ఆకలేస్తూ తగ్గితే కోలుకోవడం. పల్స్ పరుగెడుతూ, బీపీ జారుతూ తగ్గితే లోపలెక్కడో రక్తం కారుతోందని, అప్పుడు కావలసింది సెలైన్ కాదు, రక్తం. ప్లేట్‌లెట్ల కౌంటులో కూడా, అవి ట్యూబులో గడ్డకట్టి ముద్దయితే మెషిను తక్కువ చూపిస్తుంది. అనుమానమొస్తే స్లయిడు మీద కళ్ళతో చూడమని అడగొచ్చు.

పోయిన వారం బాబాయి షిఫ్టులో ఒకాయన కూతురికి డెంగ్యూ అని ఫోనొచ్చింది. బాబాయి స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడు. "ప్లేట్‌లెట్లు సరేనయ్యా, పీసీవీ ఎంత? మూడో రోజు ఎంతుండేది?" అంటున్నాడు. అవతలాయన, "అదేంటండీ?" అన్నాడు. ఒక నిమిషం కాగితం చప్పుడు.

"40 అని ఉందండి. మొదట్లో 37."

"వాంతులున్నాయా? మూత్రం ఎన్నిసార్లు పోసింది?"